అమ్మింది ఒక రేటుకు, అందింది ఇంకో రేటుకు

భీమవరం, కాకినాడ ప్రాంతాల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు అమెరికాకు సరుకు పంపేటప్పుడు ఇన్వాయిస్‌ను డాలర్లలో రాస్తాయి. చెరువు దగ్గర రైతుకు, ప్లాంటులో కూలీలకు, కరెంటుకు, మంచుకు ఇచ్చేది మాత్రం రూపాయల్లో. ఖర్చు ముందే అయిపోతుంది, రాబడి నెలల తర్వాత వస్తుంది. మధ్యలో డాలరు విలువ మారితే వచ్చే తేడాను చాలామంది ఎగుమతిదారులు వ్యాపారపు లాభనష్టంలో కలిపేసి, ‘ఈసారి సరుకు కలిసొచ్చింది’, ‘ఈసారి దెబ్బతిన్నాం’ అని తేల్చేస్తారు. అలా కలపడం తప్పు. సరుకు ఓడెక్కి దాని మీద హక్కు కొనుగోలుదారుకు మారిన రోజునే అమ్మకం పూర్తయింది. ఆ తర్వాత ఎగుమతిదారు చేతిలో ఉన్నది రొయ్య కాదు, అవతలివాడు తీర్చాల్సిన డాలర్ల బాకీ. ఆ బాకీ విలువ పెరగడానికీ తగ్గడానికీ రొయ్య కౌంటుతోనూ నాణ్యతతోనూ బేరంతోనూ సంబంధం లేదు. రెండింటినీ వేరు చేసి చూడనివాడు తన ధర సరైనదో కాదో ఎప్పటికీ తెలుసుకోలేడు.

2025లో నిజంగా నడిచిన రేట్లను, లెక్కకు సులువుగా ఉండేలా కొంచెం సవరించి, ఒక ఊహా కంటెయినర్‌కు వేసి చూద్దాం. ఇన్వాయిస్ లక్ష డాలర్లు, 90 రోజుల అరువు, సరుకు మీద మొత్తం ఖర్చు 84 లక్షల రూపాయలు. ఫిబ్రవరి మొదటి వారంలో డాలరు 87 రూపాయల దగ్గర ఉంది కాబట్టి పుస్తకాల్లో అమ్మకం 87 లక్షలు, లాభం 3 లక్షలు. మార్చి 31 నాటికి డాలరు సుమారు 85.50కి దిగింది. డబ్బు ఇంకా రాలేదు. అయినా అకౌంటింగ్ ప్రమాణాల ప్రకారం (పాత పద్ధతిలో ఏఎస్ 11, పెద్ద కంపెనీలకు ఇండ్ ఏఎస్ 21) ఆ బాకీని ఆనాటి రేటుతో మళ్లీ విలువ కట్టాలి. బాకీ 85.50 లక్షలకు తగ్గుతుంది, లక్షన్నర మారకపు నష్టంగా ఆ ఏడాది లాభనష్టాల ఖాతాకు ఎక్కుతుంది. మే మొదటి వారంలో సొమ్ము చేరేసరికి రేటు 84.50 దరిదాపుల్లో ఉంది. మరో లక్ష నష్టం, ఇది కొత్త ఆర్థిక సంవత్సరం పద్దు. అమ్మకం పద్దు మాత్రం చివరిదాకా 87 లక్షలే, దాన్ని వెనక్కి వెళ్లి దిద్దకూడదు. మూడు లక్షల లాభంలో చేతికి మిగిలింది అరలక్ష.

మార్చి 31 పద్దు దగ్గరే అభ్యంతరం మొదలవుతుంది. రాని డబ్బు మీద నష్టం ఎలా రాస్తాం, అది కాగితం మీది నష్టమే కదా అంటారు. కానీ లాభం కూడా రాని డబ్బు మీదే రాశాం. ఫిబ్రవరిలో 87 లక్షలు అమ్మకంగా చూపినప్పుడు ఒక్క రూపాయి కూడా చేతికి రాలేదు. అరువు అమ్మకాన్ని ఆదాయంగా ఒప్పుకున్నాక, ఆ అరువు ఇప్పుడు ఎంత విలువ చేస్తుందో ఒప్పుకోక తప్పదు. పన్ను విషయంలోనూ ఇదే వాదన నడిచింది. ఏడాది ముగింపు రేటుతో తేలిన ఇలాంటి నష్టం ఊహాజనితం కాదని, వ్యాపారపు ఖర్చు కింద మినహాయించవచ్చని వుడ్‌వర్డ్ గవర్నర్ కేసులో 2009లో సుప్రీంకోర్టు తేల్చింది. డాలరు పెరిగిన ఏడాది ఇదే నియమం రాని డబ్బు మీద లాభం చూపిస్తుంది, దాని మీద పన్నూ పడుతుంది. నియమం రెండు వైపులా ఒకేలా పనిచేస్తుంది.

ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. మార్కెట్ రేటు 84.50 ఉన్న రోజున బ్యాంకు ఎగుమతిదారుకు 84.30 కట్టి జమ చేస్తే, గుమాస్తా మొత్తం 2.70 లక్షలను మారకపు నష్టంగా రాసేస్తాడు. అందులో 20 వేలు రూపాయి కదలిక వల్ల పోయినవి కావు, బ్యాంకు తీసుకున్న మార్జిన్. రూపాయిని ఎవరూ ఆపలేరు కానీ, ఈ 20 పైసల గురించి బ్యాంకుతో బేరమాడవచ్చు. నష్టమంతా ఒకే పద్దులో ఉంటే ఆ బేరం ఆడాలన్న ఆలోచనే రాదు. ఇలాంటి పొరపాటే ఇంకొకటి షిప్పింగ్ బిల్లుతో వస్తుంది. దాని మీద ఉండేది కస్టమ్స్ శాఖ నోటిఫై చేసే రేటు. అది మార్కెట్‌తో రోజూ మారదు కాబట్టి అమ్మకం పద్దుకు దాన్నే ఎత్తి రాస్తే కూడా మారకపు తేడా తప్పుగా తేలుతుంది.

ఈ నష్టాన్ని తప్పించుకోవడానికి ఫార్వర్డ్ కాంట్రాక్టు ఉంది, కానీ అసలు గట్టి అభ్యంతరం దాని మీదే. డాలరు దీర్ఘకాలంలో పెరుగుతూనే వచ్చింది, ఎగుమతిదారు ఓపిక పడితే చాలు, ఫార్వర్డ్ కాంట్రాక్టు ఎందుకు అంటారు. దిశ గురించి వాళ్లు చెప్పేది నిజమే. అదే 2025 చివరికి డాలరు 90 దాటింది. కానీ ఫిబ్రవరి ఇన్వాయిస్ డబ్బు మేలో వచ్చింది, డిసెంబరులో కాదు. రైతు బకాయి, బ్యాంకు ప్యాకింగ్ క్రెడిట్ వడ్డీ డిసెంబరు దాకా ఆగవు. 2022 అక్టోబరులో 83 దాటిన డాలరు నవంబరు మధ్యకు 81 దిగువకు వచ్చింది. ఏళ్ల ధోరణి 90 రోజుల బాకీని కాపాడదు. పైగా ఫార్వర్డ్ రేటులో ఆ పెరుగుదలకు కొంత ప్రతిఫలం ముందే ఉంటుంది. ఫిబ్రవరిలో ఏడాదికి సుమారు 2 శాతం ప్రీమియం నడిచింది, అంటే మూడు నెలల డాలరును 87.40 ప్రాంతంలో ఆ రోజే అమ్ముకునే వీలుండేది. నష్టం తప్పడమే కాదు, 40 వేలు అదనంగా మిగిలేవి.

అయితే ఫార్వర్డ్‌కు ఒక ముల్లుంది. యాంటీబయాటిక్ అవశేషాలు దొరికాయని అమెరికా అధికారులు కంటెయినర్‌ను తిప్పి పంపితే డాలర్లు రావు, కాంట్రాక్టు మాత్రం నిలిచే ఉంటుంది. అప్పటికి డాలరు పెరిగి ఉంటే తేడాను ఎగుమతిదారు బ్యాంకుకు కట్టాలి. తిరస్కరణ భయం ఉన్నచోట ఇన్వాయిస్ మొత్తానికి కాకుండా నమ్మకంగా వచ్చే భాగానికే ఫార్వర్డ్ తీసుకోవడం మేలు. డాలర్లలోనే ప్యాకింగ్ క్రెడిట్ తీసుకుంటే రావాల్సిన డాలర్లకు ఎదురుగా ఇవ్వాల్సిన డాలర్లు నిలుస్తాయి. రేటు ఎటు కదిలినా ఒకదాని నష్టం ఇంకోదాని లాభంతో ఆ మేరకు కొట్టుకుపోతుంది. సరుకు తిరిగొస్తే ఆ అప్పు తీర్చడానికీ డాలర్లు వెతుక్కోవాల్సిందే, కాబట్టి ఆ ముల్లు ఇక్కడా ఉంది.

ఈ లెక్కలన్నీ ఇన్వాయిస్ రోజు నుంచి మొదలవుతాయి, ధర ఒప్పుకున్న రోజు నుంచి కాదు. మన కంటెయినర్ ధర జనవరి మొదటి వారంలో, డాలరు 85.70 ఉన్నప్పుడు కుదిరిందనుకుందాం. అప్పుడు ఎగుమతిదారు ఆశించిన లాభం 1.70 లక్షలే. ఇన్వాయిస్ నాటికి డాలరు 87కి చేరడంతో అది 3 లక్షలైంది. ఆ అదనపు 1.30 లక్షలు కూడా డాలరు తెచ్చినవే, కానీ పుస్తకాల్లో అవి అమ్మకం లాభంలో కూర్చుంటాయి, తర్వాతి 2.50 లక్షలు మాత్రం మారకపు నష్టం పద్దులో కనిపిస్తాయి. ధర కుదిరిన రోజు నుంచి చూస్తే డాలరు వల్ల అతను నిజంగా పోగొట్టుకున్నది 1.20 లక్షలు. ఈ అంకె ఏ పద్దులోనూ ఉండదు. ఆర్డరు పుస్తకంలో ప్రతి ధర పక్కన ఆనాటి రేటు కూడా రాసిపెట్టుకున్న ప్లాంటులోనే అది బయటపడుతుంది.