ట్యాంకు నిండితే ఊరి దాహం తీరినట్టేనా?

హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే మనవాళ్లకు ఒక గట్టి నమ్మకం ఉంది: తెరమీద కనిపించిందే లెక్క. సొంతూళ్లోని ఓవర్‌హెడ్ ట్యాంకుకు సెన్సర్ పెట్టిస్తారు. నెల రోజుల యాప్ స్క్రీన్‌షాట్లు పేర్చి, రోజువారీ వాడకం, ట్యాంకు నింపిన సమయం, ఎద్దడి రోజులు అంటూ గ్రామ నీటి కమిటీకి పంపిస్తారు. దాన్ని నివేదిక అనడం నాకు సమ్మతం కాదు. యాప్‌కు తెలిసేది నీటి మట్టం. ఎంత నీరు వాడారో దానికి తెలియదు.

లెక్క వేసి చూద్దాం. 40,000 లీటర్ల ట్యాంకు, 800 మంది ఊరు అనుకోండి. పొద్దున ఆరింటికి 80%, తొమ్మిదింటికి 30%. అప్పుడు మోటారు వేశారు. ఒంటిగంటకు 90% అయింది. మర్నాడు ఆరింటికి మళ్లీ 80%. మట్టం దిగిన మేర కూడితే వాడకం 20,000, 4,000, వెరసి 24,000 లీటర్లు. మనిషికి 30 లీటర్లు. జల్ జీవన్ మిషన్ చెప్పే 55 లీటర్లలో ఇది సగం పైచిలుకే.

కానీ మోటారు నడిచిన నాలుగు గంటలూ ఊళ్లో కుళాయిలు కట్టెయ్యలేదు. మోటారు గంటకు 10,000 లీటర్లు ఎక్కిస్తే 40,000 లీటర్లు పైకి వెళ్లాయి. ట్యాంకులో పెరిగింది మాత్రం 24,000. మిగతా 16,000 లీటర్లు వచ్చినవి వచ్చినట్టే కిందికి పోయాయి. అంటే ట్యాంకు దిగిన నీరు మనిషికి 50 లీటర్లు. గీత పైకెక్కుతున్నంతసేపూ వాడకం దాని వెనకే దాక్కుంది.

మీటరు లేకపోయినా ఈ దాక్కున్న వాడకాన్ని పట్టుకోవచ్చు. ఊరికి వదిలే వాల్వు కట్టేసి, పావుగంట మోటారు వేసి, మట్టం ఎంత పెరిగిందో రాసుకోవాలి. మోటారు గంటకు ఎంత ఎక్కిస్తుందో దాంతో తేలుతుంది. ఎండాకాలంలో బోరు నీరు తగ్గుతుంది కాబట్టి నెలనెలా మళ్లీ చూడాలి. మోటారు ఆపి వాల్వులన్నీ కట్టేశాక కూడా మట్టం దిగుతుంటే అది వాడకం కాదు, లీకు.

ఎద్దడి రోజుల సంగతి ఇంకా అన్యాయం. ట్యాంకు అడుగంటిన రోజునే యాప్ ఎద్దడి అంటుంది. వాల్వు తిప్పే మనిషి రాని రోజు ట్యాంకు నిండుగానే ఉంటుంది, కుళాయిలే ఎండుతాయి. చివరి వీధికి నీరెక్కని రోజూ అంతే. మా కొండాపూర్ అపార్ట్‌మెంటులో ఎండాకాలమంతా ట్యాంకర్లు కొని నింపాం. యాప్‌లో మాత్రం ఒక్క ఎద్దడి రోజూ పడలేదు. దానికి కొన్న నీళ్లూ ఒకటే, వచ్చిన నీళ్లూ ఒకటే.

యాప్ వద్దనడం లేదు. స్క్రీన్‌షాట్ల పక్కన మోటారు వేసిన, ఆపిన వేళలు ఉండాలి. చివరి వీధి ఆఖరి కుళాయి దగ్గర బిందె ఎన్ని నిమిషాలకు నిండిందో రోజూ రాసిన నోటుబుక్కు ఉండాలి. ఆ రెండూ లేకుండా కమిటీ ముందు పెట్టింది ట్యాంకు కథ, ఊరి కథ కాదు.