అతిథికి మనం కాదనలేం, అందుకే ముందే చెప్పాలి

రాజపాళయంలోని మన కోటల పాత ఇళ్లలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ అతిథులకు బస ఇవ్వాలని కొన్ని కుటుంబాలు అనుకుంటున్నాయి. ఇది మంచిదే. అయితే వచ్చేవారు ఎలా మెలగాలో ఒక పేజీలో రాసి పెట్టకుండా మొదలుపెట్టకూడదని మా అభిప్రాయం.

కారణం చిన్నదే. గుమ్మం దాటి లోపలికి వచ్చిన మనిషికి ఎదురుగా కాదని చెప్పడం మన ఇళ్లలో అలవాటు లేదు. ఫోటో తీసుకోవచ్చా అని అడిగితే అవ్వ తలూపుతుంది. పిల్లవాడి చేతిలో నోటు పెడితే తల్లి మొహమాటపడి ఊరుకుంటుంది. అది ఒప్పుకోవడం కాదు, మర్యాద. కాబట్టి ఆ మాట ఇంటివారి నోట కాకుండా సంఘం పేరున, అతిథి బయలుదేరకముందే వెళ్లాలి.

అన్నిటికన్నా చిక్కు ఫోటోలతోనే. మన దగ్గరికి వచ్చే తెలుగువాళ్లకు ఇల్లెంత ముఖ్యమో, మన మాట అంత వింత. తమిళనాట ఇన్ని తరాలు గడిచినా ఇంట్లో తెలుగు నిలిచిందని సంతోషిస్తారు. వెంటనే ఫోన్ తీసి, ‘అమ్మా, ఇంకోసారి అనండి’ అంటారు. ఆ అమ్మ మాట్లాడింది ఇంటికొచ్చిన చుట్టంతో. రేపు ఆ యాస వేలమంది నవ్వుకునే రీల్ అయితే ఆమె తలెత్తి తిరగలేదు. అందుకే రెండు అనుమతులు విడివిడిగా ఉండాలి. తీయడానికి ఒకటి, బయట పెట్టడానికి ఇంకొకటి. రెండూ ఇంటి పెద్ద ద్వారా, ముందురోజే అడగాలి. ఒక రాత్రి వ్యవధి ఉంటే ఆమె తన వాళ్లతో ‘నాకొద్దు’ అని చెప్పగలదు. పిల్లల ఫోటోలు, వంటింట్లో, స్నానాల దగ్గర తీసేవి అసలే వద్దు. గుడిలో ఫోన్ సంగతి మనం తేల్చనక్కరలేదు. రాష్ట్రంలోని గుళ్లలో సెల్‌ఫోన్లు నిషేధించాలని 2022 డిసెంబరులోనే మద్రాసు హైకోర్టు చెప్పింది.

మన చేతిలో ఎంతవరకు ఉందో కూడా తెలుసుకోవాలి. జపాన్‌లోని క్యోటోలో గియోన్ అనే పేట ఉంది. గెయిషాల వెంటపడి ఫోటోలు తీసేవారితో విసిగిన అక్కడి నివాసుల మండలి 2019లో ప్రైవేటు సందుల్లో ఫోటోలు నిషేధించి, తీస్తే 10,000 యెన్లు అని బోర్డులు పెట్టింది. అది చాలక 2024లో ఆ సందుల్లోకి పర్యాటకులే రాకూడదంది. పక్కనున్న పెద్ద వీధి మాత్రం అందరిదీ, దాన్ని మూయలేకపోయారు. మనమూ అంతే. ఇల్లు, పెరడు, చావడి మన మాట వింటాయి. వీధి వినదు. వీధిలో మనకున్నది అతిథి ముందుగా ఇచ్చిన మాటే.

కానుకల్లోనూ ఇదే చిక్కు. పిల్లలకు డబ్బు, చాక్లెట్లు ఇస్తే మూడో అతిథి వచ్చేసరికి పిల్లలు గేటు దగ్గర కాచుకుని ఉంటారు. ఒక ఇంటికి ఖరీదైన వస్తువు ఇస్తే పక్కింటికి మనసు కష్టం. ఇవ్వాలనుకున్నవారు పళ్లో, స్వీట్లో ఇంటి పెద్ద చేతికి ఇవ్వాలి. అంతకు మించింది చావడి ఖాతాకు, రసీదుతో.

దుస్తుల గురించి పెద్ద జాబితా వద్దు. గదిలో వారిష్టం. గది దాటి నడవలోకి, వీధిలోకి వస్తే భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. గుడికి పంచె, చీర, చుడీదార్ వంటివి. ఆడా మగా ఇద్దరికీ ఒకటే నియమం. ఆడవాళ్లకు మాత్రమే రాస్తే అది మర్యాద అనిపించుకోదు.

ఇంటివాళ్ల పట్ల గౌరవం అంటే, పిలవనిదే వంటింట్లోకి, పూజగదిలోకి వెళ్లకపోవడం. పెద్దవారిని ‘మీరు’ అనడం. ఎవరిది ఏ గోత్రం, ఎంత ఆస్తి అని ఆరా తీయకపోవడం. ఇంట్లో రాజపాళయం కుక్క ఉంటే ఇంటివారు దగ్గరుండి పరిచయం చేసేదాకా ముట్టుకోకపోవడం. అది కాపలా జాతి, కొత్తవారిని సులువుగా నమ్మదు.

ఈ పేజీ తెలుగు, తమిళం, ఇంగ్లీషుల్లో ఉండాలి. అడ్వాన్సు తీసుకునే ముందే పంపి, ‘ఒప్పుకున్నాం’ అని జవాబు వచ్చాకే గది ఖాయం చేయాలి. మన చుట్టాలకు మినహాయింపు ఇస్తే ఆ రోజే ఇది పోతుంది, ఎందుకంటే వచ్చేవారిలో సగంమంది ఏదో ఒక వరసలో చుట్టాలే.

పద్ధతి పనిచేస్తోందా లేదా అన్నది అతిథుల మెచ్చుకోళ్లలో వెతకొద్దు. బస ఇచ్చే ఇంట్లో అవ్వ ఎక్కడ కూర్చుందో చూడండి. ఎప్పటిలా అరుగు మీదే ఉంటే సరే. అతిథులు వచ్చినప్పుడల్లా వెనకగదిలోకి వెళ్తోందంటే, ఆ ఇంట్లో బస ఆపి మాట్లాడాల్సిన సమయం వచ్చినట్టే. వచ్చే సమావేశానికి ఈ పేజీ చిత్తుప్రతి తెస్తాం. మీ ఇంట్లో ఆడవాళ్లను అడిగి, వాళ్ల మాటతో రండి.