ముహూర్తం తాళాలకే, సంతకానికి కాదు

దసరా బుకింగులు మొదలయ్యాయి. బైకు మీద 5,000 తగ్గింపు, యాక్సెసరీల ప్యాకేజీ, పండగనాడే డెలివరీ అంటూ ఊరూరా ఫ్లెక్సీలు వెలిశాయి. విజయదశమికి బండి కొనడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ, దాన్ని మానుకోమని నేను అనను. కానీ ఆఫర్‌ను ఫ్లెక్సీ మీద కాదు, కొటేషన్ కాగితం మీద చూడాలి. ఆ కాగితం పండగకు కనీసం వారం ముందే మన చేతిలో ఉండాలి. దశమి ఉదయం మంచి గడియలు దాటిపోతుంటే, ఇంటిల్లిపాదీ పూలదండలు పట్టుకుని ఎదురుచూస్తుంటే, బిల్లులో ఏ వరుస ఎందుకు పడిందని అడగడానికి ఎవరికీ నోరు రాదు. ఆ సంగతి అమ్మేవారికి మనకన్నా బాగా తెలుసు.

ఉదాహరణకు ఒక కొటేషన్ వేసి చూద్దాం. 125 సీసీ బైకు, ఎక్స్‌షోరూమ్ ధర 90,000. జీఎస్టీ అందులోనే కలిసి ఉంటుంది. లైఫ్ ట్యాక్స్ 12 శాతం లెక్కన 10,800. రిజిస్ట్రేషన్, టీఆర్, నంబరు ప్లేటు, సెస్సు వగైరా అన్నీ కలిపి 3,700 అనుకుందాం. బీమా 8,000. యాక్సెసరీలు 5,500. హ్యాండ్లింగ్ ఛార్జీలు 1,500. మొత్తం 1,19,500. పండగ తగ్గింపు 5,000 పోను 1,14,500 కట్టాలి. చూడగానే లాభమే అనిపిస్తుంది. ఇప్పుడు ఒక్కో వరుసా విప్పుదాం.

ముందు యాక్సెసరీలు. ఆ 5,500లో హెల్మెట్‌కు 1,200, శారీ గార్డుకూ వెనక కూర్చునేవారు పట్టుకునే హ్యాండిల్‌కూ కలిపి 1,300 ఉందనుకోండి. ఈ మూడూ అసలు యాక్సెసరీలే కావు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 138వ నిబంధన ప్రకారం ద్విచక్ర వాహనం కొన్నప్పుడు బీఐఎస్ ప్రమాణాలకు తగిన హెల్మెట్‌ను తయారీదారే ఇవ్వాలి. 123వ నిబంధన ప్రకారం వెనక కూర్చునేవారికి పట్టుకునే హ్యాండిల్, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టు, చీర కొంగో చున్నీయో చక్రంలో చుట్టుకోకుండా వెనక చక్రాన్ని సగం వరకైనా కప్పే రక్షణ బండికి ఉండి తీరాలి. అంటే ఇవి బండిలో భాగం. వీటికి వేరే డబ్బు తీసుకోవడం తలుపు అమ్మి గడియకు మళ్లీ డబ్బులడిగినట్టే. వీటిని ‘ఉచితం’ అని చెప్పినా అది ఆఫర్ కాదు, మనకు రావలసిందే వచ్చింది. మిగిలిన 3,000కు క్రాష్ గార్డు, సీటు కవరు, బండి కప్పుకునే కవరు ఉంటాయి. అవి మన ఇష్టం. కావాలంటే తీసుకోవచ్చు, లేదా బయట ధర అడిగి చూడవచ్చు. ‘సెట్టు మొత్తం తీసుకోవాల్సిందే సార్, విడిగా తీసేయడం కుదరదు’ అంటే ఏ వస్తువుకు ఎంతో విడివిడిగా రాసిమ్మనండి. కాగితం మీద రాయమనేసరికి సెట్టులోంచి కొన్ని వాటంతటవే జారిపోతాయి.

తర్వాత హ్యాండ్లింగ్ ఛార్జీలు. లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు ప్రభుత్వానికి చేరతాయి, వాటికి రవాణా శాఖ రసీదు వస్తుంది. హ్యాండ్లింగ్ అనే మాట ఆ రసీదుల్లో ఎక్కడా కనిపించదు. బండిని తెప్పించి, తుడిచి, మన చేతికి ఇవ్వడం అమ్మకంలో భాగమే, దానికి డీలరుకు కమీషన్ ఉంది. ఈ వరుస కొట్టేయమని అడగడానికి మొహమాటపడకండి.

బీమా దగ్గర కొంచెం ఆగాలి. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. 2022లో ప్రకటించిన రేట్ల ప్రకారం 75 సీసీ దాటి 150 సీసీ వరకు ఉన్న కొత్త బండికి ఆ ఐదేళ్ల ప్రీమియం 3,851, దానిమీద జీఎస్టీ. ఇది ప్రభుత్వం నిర్ణయించే రేటు కాబట్టి ఏ కంపెనీ దగ్గరైనా ఒకటే. తేడా అంతా మన బండికి జరిగే నష్టానికి తీసుకునే ఏడాది బీమాలోనూ, జీరో డిప్రిసియేషన్ వంటి అదనపు రక్షణల్లోనూ ఉంటుంది. షోరూములో ఇచ్చే పాలసీయే తీసుకోవాలన్న నియమం ఏదీ లేదు. బండి విలువ, రక్షణలు సరిగ్గా అవే చెప్పి బయట ఒక కొటేషన్ తెచ్చుకోండి. తక్కువకు వచ్చిందని అదనపు రక్షణలు లేని పాలసీతో పోల్చి మురిసిపోకూడదు. మన ఉదాహరణలో అదే పాలసీ బయట 6,900కు దొరికిందనుకుందాం.

ఇప్పుడు లెక్క మళ్లీ వేద్దాం. 90,000 బండి, 10,800 ట్యాక్స్, 3,700 రిజిస్ట్రేషన్ ఖర్చులు, 6,900 బీమా, ఇష్టపడి తీసుకున్న 3,000 యాక్సెసరీలు కలిపితే 1,14,400. ఇందులో ఏ ఆఫరూ లేదు. అంటే ఐదు వేల తగ్గింపు పోను వాళ్లు అడిగిన ధర, తగ్గింపే లేని న్యాయమైన ధర కంటే వంద ఎక్కువ. ఫ్లెక్సీ మీద ఇచ్చినదాన్ని బిల్లులో తిరిగి తీసుకున్నారు. నిజంగా ఐదు వేలు తగ్గిస్తే మనం కట్టవలసింది 1,09,400. అందుకే ఆఫర్ ఎంతని అడగొద్దు. ఇవన్నీ సరిచేశాక ఆన్‌రోడ్ ధర ఎంత, అందులోంచి ఎంత తగ్గిస్తారు అని అడగండి. రెండు షోరూములను పోల్చినా ఆ చివరి అంకెనే పోల్చండి.

ఇంకొకటి. 2025 సెప్టెంబరు 22న 350 సీసీ వరకు ఉన్న బైకుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు ఎక్స్‌షోరూమ్ ధరలోనే అందరికీ వస్తుంది. దాన్ని పండగ ఆఫరుగా రాసి ఉంటే మన లెక్కలో కలుపుకోవద్దు.

బుకింగ్ రసీదు మీద మోడల్, రంగు, ఆన్‌రోడ్ ధర, ఆఫర్ ఏ తేదీ వరకు, రద్దు చేసుకుంటే ఎంత వెనక్కి ఇస్తారు అన్నవన్నీ రాయించండి. ‘డెలివరీ నాటి ధర వర్తిస్తుంది’ అన్న చిన్న అక్షరాల వాక్యం ఉందేమో చూడండి. అది ఉంటే, ఆఫర్ ముగిశాక బండి వస్తే ఎవరు భరిస్తారో అక్కడే తేల్చుకోండి. అమ్మకం ధ్రువపత్రమైన ఫారం 21లో బండి తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. పాత స్టాకుకు ఆఫర్ ఇస్తుంటే అది తప్పు కాదు, కానీ మనకు తెలిసి కొనాలి.

టీఆర్, బీమా పాలసీ రెండూ దశమికి ముందురోజుకే సిద్ధం కావాలి. పాలసీ మీద అది మొదలయ్యే తేదీతో పాటు సమయం కూడా ఉంటుంది. ఆ సమయం కాకముందే పూజకని బండిని గుడికి తీసుకెళ్లి దారిలో ఏదైనా జరిగితే బీమా కంపెనీ బాధ్యత తీసుకోదు.

నాకు డీలర్ల మీద పగ లేదు. వరుసలవారీగా ధర రాసిచ్చే మంచి షోరూములు ఉన్నాయి, కొనేవాళ్లు అలాంటి చోటికే వెళ్లాలి. అయితే ఈ భారమంతా కొనేవాడి మీద వేయడం సరికాదు. పండగ ఆఫర్ ప్రకటించే ప్రతి షోరూమూ ఒక్కో మోడల్‌కు ఆన్‌రోడ్ ధర విడివిడి వరుసలతో తెలుగులో బోర్డు మీద పెట్టాలని రవాణా శాఖ ఆదేశించాలి. అంతవరకు ఆ బోర్డును మన కొటేషన్ కాగితం మీదే రాయించుకుందాం. రాయడానికి ఒప్పుకోకపోతే అడ్వాన్సు కట్టకుండా లేచి రండి. కట్టాక మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అప్పుడు చూపించడానికి చేతిలో ఆ కాగితం ఉండాలి.