సోమవారం సాయంత్రం మొదలైన జ్వరం

మార్కాపురంలో ముప్పై ఏళ్లు పలకల పని చేసిన ఒక పెద్దాయనను ఊహించుకోండి. వయసు 66. పదేళ్లుగా షుగరు. పలక దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు ముందే దెబ్బతిన్నాయి. సోమవారం సాయంత్రం ఆరింటికి ఉన్నట్టుండి వణుకు, కాగిపోయే జ్వరం, ఒళ్లంతా నలిపేసినట్టు నొప్పులు, పొడి దగ్గు. ఆ రాత్రికి పారాసిటమాల్ వేసుకున్నాడు. మంగళవారం వీధి చివరి ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ చేసి యాంటీబయాటిక్ ఇచ్చాడు. బుధవారం రక్తపరీక్షలు చేస్తే మలేరియా లేదు, డెంగీ లేదు. వైడాల్‌లో ఏదో కనిపించిందని టైఫాయిడ్ మందు మొదలుపెట్టారు. గురువారం ఆయాసం వచ్చింది, ఒంగోలుకు తీసుకుపోయారు.

ఇది ఊహించి చెప్పిన కథే అయినా, ఈ వరస గిద్దలూరు నుంచి కంభం దాకా ఎవరికీ కొత్త కాదు. ఆయనకు వచ్చింది ఇన్‌ఫ్లూయెంజా అయితే, పనికొచ్చే మందు ఒసెల్టామివిర్. అది బాగా పనిచేసే గడువు బుధవారం సాయంత్రం ఆరింటితో దాటిపోయింది. డాక్టరును కలిసినప్పటి నుంచి కాదు, మొదటి వణుకు నుంచే ఆ గడువును లెక్కపెట్టాలి.

రెండు రోజులే ఎందుకంటే, ఈ మందు వైరస్‌ను చంపదు. ఒక కణంలో పుట్టిన కొత్త వైరస్‌లు బయటపడి పక్క కణంలోకి పోవాలంటే, తమను కణానికి పట్టి ఉంచే బంధాన్ని తెంచుకోవాలి. ఆ తెంచే ఎంజైమును ఒసెల్టామివిర్ పనిచేయనివ్వదు. పుట్టినవి పుట్టినచోటే చిక్కుకుపోతాయి. ఫ్లూ వైరస్ జోరుగా పెరిగేది మొదటి రెండు మూడు రోజుల్లోనే. అది ఊపిరితిత్తులంతా పరుచుకున్నాక తలుపు వేసినా లాభం తక్కువ.

ఈ మందు గురించి గొప్పలు చెప్పడం నాకిష్టం లేదు. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల కుర్రాడికి ఇది జ్వరాన్ని సుమారు ఒక రోజు తగ్గిస్తుంది, అంతే. అతనికి అవసరం లేదు. అదే 2009 స్వైన్ ఫ్లూ కాలంలో వివిధ దేశాల ఆస్పత్రుల్లో చేరిన 29 వేల మందికి పైగా రోగుల వివరాలు పరిశీలించి 2014లో ప్రచురించినప్పుడు, రెండు రోజుల్లోపు మందు పడినవారిలో ఆలస్యంగా పడినవారికంటే మరణాల ముప్పు దాదాపు సగమే కనిపించింది. అది రికార్డులు చూసి చెప్పిన మాటే తప్ప చీటీలు వేసి పంచి చేసిన ప్రయోగం కాదు. అయినా ముప్పున్న మనిషి విషయంలో ఆగకూడదని నమ్మడానికి నాకది చాలు.

కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు కూడా ఆగమని చెప్పడం లేదు. 65 దాటినవారు, గర్భిణులు, చిన్నపిల్లలు, షుగరు, గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీ జబ్బులున్నవారు ఫ్లూ లక్షణాలతో వస్తే వారిని ‘బి’ వర్గంలోని రెండో రకంగా లెక్కిస్తారు. పరీక్ష అక్కర్లేకుండానే ఒసెల్టామివిర్ మొదలుపెట్టవచ్చు. ఆయాసం, ఛాతీనొప్పి, మగత, గోళ్లు నీలంగా మారడం కనిపిస్తే ‘సి’ వర్గం. అప్పుడు ఆస్పత్రిలో చేర్చాల్సిందే, రెండు రోజులు దాటినా సరే మందు ఇవ్వాల్సిందే. గడువు దాటిందని అలాంటి రోగికి మందు మానేయడం తప్పు. ఒకప్పుడు ఇది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే చాలా కొద్ది దుకాణాల్లోనే దొరికేది. 2017లో హెచ్1లోకి మార్చారు. ఇప్పుడు డాక్టరు చీటీ ఉంటే మామూలు మందుల షాపులోనూ అమ్మవచ్చు.

పెద్దవారికి మామూలు మోతాదు 75 మిల్లీగ్రాముల క్యాప్సూల్, ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, ఐదు రోజులు. తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. మూడో రోజు జ్వరం తగ్గినా మొత్తం పది వాడాలి.

మన ప్రాంతంలో ఇక్కడే ఒక జాగ్రత్త కావాలి. ఫ్లోరైడు నీళ్లు తాగే పడమటి మండలాల్లో కిడ్నీ జబ్బులు తక్కువేం కాదు. ఒసెల్టామివిర్ మూత్రం ద్వారానే బయటికి పోతుంది. కిడ్నీ సరిగా వడకట్టకపోతే మందు ఒంట్లోనే పేరుకుపోతుంది. అలాంటివారికి పని మందగించినదాన్నిబట్టి 30 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లో, ఒక్కసారో ఇస్తారు. డయాలసిస్‌లో ఉన్నవారి లెక్క వేరు. ఆ లెక్క కట్టడానికి డాక్టరుకు క్రియాటినిన్ రిపోర్టు కావాలి. పక్కింటివాళ్లకు మిగిలిన క్యాప్సూళ్లు తెచ్చి వేయకూడదనేది ఇందుకే.

మన దగ్గర వానాకాలంలో ఒకసారి, సంక్రాంతి తర్వాత మరోసారి ఫ్లూ పెరుగుతుంది. ఆ నెలల్లో ప్రతి పీహెచ్‌సీలో 75తో పాటు 30 మిల్లీగ్రాముల క్యాప్సూళ్లు కూడా ఉంచాలని వైద్యాధికారులను కోరుతున్నాను. ఇంట్లో షుగరో, ఆయాసమో, కిడ్నీ జబ్బో ఉన్నవారికి జ్వరం వస్తే, మొదలైన వారం, గంట ఒక కాగితం మీద రాసి, పాత క్రియాటినిన్ రిపోర్టుతో కలిపి మర్నాడే డాక్టరు చేతిలో పెట్టండి.