కథలో నానమ్మ ఉంది, రైతు ఏడీ?

ఈ వారం హైదరాబాద్‌లో కొత్త కంపెనీల వాళ్లు పెట్టుబడిదారుల ముందు మాట్లాడే సభ ఒకటి జరిగితే వెళ్లాను. ఆర్గానిక్ చిరుతిళ్ల కంపెనీ పెట్టిన ఒక యువకుడు కొద్ది నిమిషాలు మాట్లాడాడు. నానమ్మ వంటింట్లో కొర్ర జంతికల వాసనతో మొదలుపెట్టాడు. ఆమె పోయాక ఆ రుచి వెతుక్కుంటూ ఉద్యోగం మానేశానన్నాడు. తెర మీద ఆమె ఫొటో పడగానే హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత మార్కెట్ ఎన్ని వేల కోట్లో, నెల నెలా అమ్మకాలు ఎంత పెరుగుతున్నాయో, తనకు ఎంత డబ్బు కావాలో చెప్పాడు. చివరికి ‘వేలాది మంది రైతుల బతుకులు మారుస్తున్నాం’ అని ముగించాడు. ఆ రైతులది ఏ ఊరో, వాళ్లకు కిలోకు ఎంత ఇస్తున్నాడో ఆయన చెప్పలేదు. ముందు వరసలో కూర్చున్న పెట్టుబడిదారులు ఒక్కరూ అడగలేదు. నాకు బాధ కలిగింది అక్కడే.

ఆ యువకుడి ప్రేమను నేను శంకించడం లేదు. కానీ ‘ఆర్గానిక్’ అనే మాట మీద డబ్బు అడుగుతున్నప్పుడు కథ వంటింట్లో మొదలుకాకూడదు, పొలంలో మొదలవ్వాలి. జంతికలు ఎవరైనా వండగలరు. మందు కొట్టని కొర్ర పండించడమే కష్టం, ఆ ప్యాకెట్‌కు ఎక్కువ ధర వచ్చేదీ దానివల్లే.

వేలాది మంది రైతులన్న మాటను లెక్కలో పెట్టి చూద్దాం. వంద గ్రాముల జంతికల ప్యాకెట్ ధర 120 రూపాయలనుకుందాం. అందులో బియ్యప్పిండి, శనగపిండి, నూనె పోగా కొర్ర పిండి 40 గ్రాములు ఉంటే ఎక్కువే. పొట్టు తీసి ఆడిస్తే వంద కిలోల కొర్రలకు 60 కిలోల పిండి వస్తుందనుకుంటే, ఒక ప్యాకెట్‌కు 67 గ్రాముల కొర్రలు కావాలి. రైతుకు కిలోకు 40 రూపాయలు ఇస్తే ప్యాకెట్‌కు అతని వాటా రెండు రూపాయల డెబ్భై పైసలు.

ఇప్పుడు ఏడాదికి పది లక్షల ప్యాకెట్లు అమ్మారనుకోండి. ప్యాకెట్ల మీది ధర ప్రకారం అది 12 కోట్ల వ్యాపారం, కొత్త కంపెనీకి గొప్ప విజయమే. దానికి కావలసిన కొర్రలు 67 టన్నులు. వర్షాధారంగా ఎకరాకు ఐదు క్వింటాళ్లు పండినా 134 ఎకరాలు చాలు. మనిషికి రెండెకరాల చొప్పున లెక్కేస్తే 67 మంది రైతులు. వాళ్లందరికీ కలిపి చేరేది 27 లక్షల లోపే. పన్నెండు కోట్లలో అది వందకు రెండు రూపాయల పైచిలుకు. రైతు ధరను రెట్టింపు చేసినా ప్యాకెట్ మీద మూడు రూపాయలు పెరగదు. వినియోగదారుడి చేత ఎక్కువ ఖర్చు పెట్టిస్తున్నది రైతు కాదని దీన్నిబట్టి తేలిపోతుంది.

రెండో సంగతి నూనెది. మన దేశంలో సేంద్రియ ఉత్పత్తుల జాతీయ కార్యక్రమం 2001 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఉప్పు, నీరు పక్కనపెట్టి, మిగతా పదార్థాల్లో కనీసం 95 శాతం ధ్రువీకరణ పొందినవైతేనే ఆ సరుకును సేంద్రియమని అమ్మాలి. వేయించిన జంతికల్లో దాదాపు పావు వంతు నూనే ఉంటుంది. కొర్రలు ఎంత స్వచ్ఛమైనవైనా మామూలు పామాయిల్‌లోనో పొద్దుతిరుగుడు నూనెలోనో వేయిస్తే ఆ ప్యాకెట్‌కు ఆ పేరు చెల్లదు. ‘సేంద్రియ కొర్రలతో చేసినది’ అని చెప్పుకోవడం వేరు, ‘ఆర్గానిక్ జంతికలు’ అనడం వేరు. ప్యాకెట్ వెనక పదార్థాల జాబితా చదివితే ఈ తేడా తెలిసిపోతుంది. ఏది ఎక్కువ బరువుంటే దాన్ని ముందు రాయాలన్నది నియమం.

మూడోది కాలం. మందులు వాడిన పొలాన్ని సేంద్రియ సాగులోకి మార్చడానికి ఏటా వేసే పంటలకైతే కనీసం రెండేళ్లు పడుతుంది. ఆ రెండేళ్లూ రైతు మందు వేయడు, దిగుబడి తగ్గొచ్చు, అయినా అతని సరుకుకు సేంద్రియ ధర రాదు. పెట్టుబడిదారుడు మాత్రం వచ్చే ఏడాదికే అమ్మకాలు మూడింతలు కావాలంటాడు. పొలం ఆ వేగంతో మారదు. అప్పుడు కంపెనీ బజారులో దొరికిన కొర్రలు తెచ్చి కలిపే ప్రమాదం ఉంది. దీన్ని పట్టుకునే దారి కూడా ఉంది. ఒక రైతు బృందం సేంద్రియంగా పండిస్తోందని చెప్పేది స్కోప్ సర్టిఫికెట్. అమ్మిన ప్రతి లోడుకూ ఎన్ని కిలోలో రాసిచ్చేది ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్. మొదటిది ఫ్రేము కట్టి గోడకు తగిలించుకోవచ్చు, రెండోది లోడు లోడుకూ తెచ్చుకోవాల్సిందే. అమ్మిన ప్యాకెట్లకు కావలసిన టన్నులూ, ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్లలోని టన్నులూ సరిపోకపోతే ఎక్కడో మామూలు సరుకు కలిసినట్టే. అరగంటలో తేలే ఈ లెక్కను కోట్లు పెట్టేవాళ్లు ఎందుకు అడగరు?

కొర్రల మాట వచ్చింది కనుక నా పాత ఫిర్యాదు మళ్లీ చెప్పక తప్పదు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. పేదవాడి ఆకలి తీర్చిన ఆ పథకాన్ని నేను తప్పుపట్టను. కానీ రాయలసీమలో, తెలంగాణలో మెట్ట పొలాల్లో జొన్న, కొర్ర పండించుకుని తినేవాళ్లకు ఆ పంటలే దండగనిపించేలా చేసింది కూడా ఆ బియ్యమే. 1990ల్లో జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు బీడు భూముల్లో జొన్నలు పండించి, ఊళ్లోనే నిల్వచేసి, ఊళ్లోని పేదలకు తక్కువ ధరకు ఇచ్చాయి. చదువురాని దళిత మహిళలు చేసి చూపించిన పని అది. దాన్ని రాష్ట్రమంతటా రేషన్ దుకాణాల్లోకి తీసుకురావాలని మన పాలకులకు తోచలేదు. 2023ను చిరుధాన్యాల సంవత్సరమని ప్రపంచమంతా జరుపుకుంది, సదస్సులు పెట్టాం, విందుల్లో వడ్డించాం. అయినా కేంద్రం మద్దతు ధర ప్రకటించే చిరుధాన్యాలు జొన్న, సజ్జ, రాగి మాత్రమే. కొర్రకూ, సామకూ, అరికకూ ఆ జాబితాలో చోటు లేదు. మెట్ట రైతుకు ధర భరోసా ఇవ్వని ప్రభుత్వం, అతని పంటతో వ్యాపారం చేసే కంపెనీలకు మాత్రం సభలు ఏర్పాటు చేసి చప్పట్లు కొడుతోంది.

కొత్త కంపెనీలు రావాలి. మన జంతికలు, చెక్కలు, సున్నుండలు దేశమంతా అమ్ముడుపోవాలి. అందుకే ఆ యువకుడిలాంటి వాళ్లకు నా మాట ఇది. ఈసారి పెట్టుబడిదారుల ముందు నిలబడ్డప్పుడు నాలుగు విషయాలు చెప్పండి. కొర్రలు ఏ ఊరివి? రైతుకు కిలోకు ఎంత ఇచ్చారు? మార్పిడిలో ఉన్న రెండేళ్లూ అతని పంటను ఏ ధరకు కొన్నారు? వేయించిన నూనె ఏది? ఈ నాలుగూ చెప్పగలిగితే మీ కథకు ఫొటోలు అక్కర్లేదు. చెప్పలేకపోతే మీరు అమ్ముతున్నవి మామూలు జంతికలే, వాటికి మామూలు ధరే తీసుకోండి.