ఎమ్మిగనూరు వద్దన్న రోజు

ఈ సంచికలో ఒక డైరీ పేజీ అచ్చు వేస్తున్నాం. రాసింది ఆదోని అమ్మాయి. పేరు తీసేశాం, ఇంటివాళ్లు గుర్తుపట్టే వివరాలు రెండు మార్చాం. ఊళ్లు మాత్రం మార్చొద్దని ఆమే అడిగింది. ఇట్లాంటివి బెంగుళూరులో, హైదరాబాదులోనే జరుగుతాయని అనుకుంటారట, అందుకని.

నిశ్చితార్థమై, పెళ్లికి ముందే తప్పిపోయిన సంబంధం. అబ్బాయిది ఎమ్మిగనూరు. కట్నం దగ్గర మాట తేలలేదు. పెద్దమనుషులు కూర్చున్నారు, ఉంగరం అటు పోయింది, పెట్టిన చీరలు ఇటు వచ్చాయి. డైరీలో దీనికి నాలుగు వరుసలే. అబ్బాయికి ఒకటే వరుస: నెమ్మదస్తుడు, తప్పేమీ లేదు.

ఆ రాత్రి ఇంట్లో అందరూ ఆమెను ఓదార్చారు. జేజి దిష్టి తీసింది. ఆమెకు మాత్రం గుండె మీద బరువు దిగినట్టుంది. అది బయటికి కనపడకూడదని తల వంచుకుని కూర్చుంది. అప్పుడు అమ్మ అంది: "ఇంగ ఆ ఎమ్మిగనూరు దిక్కే పోవద్దు పాపా." అప్పటిదాకా రాని ఏడుపు ఒక్కసారిగా వచ్చేసింది. పెళ్లి తప్పినందుకని ఇల్లంతా ఏడ్చింది. ఎందుకు ఏడ్చానని అర్ధరాత్రి దాకా డైరీలో తనను తాను అడుగుతూ పోయింది ఆమె.

ఎమ్మిగనూరులో ఆమె డిగ్రీ స్నేహితురాలుంది, మగ్గం ఇంటి పిల్ల. 1938లో మాచాని సోమప్ప చేనేత సంఘం పెట్టిన ఊరు కాబట్టి నిశ్చితార్థం చీర అక్కడే కొందామన్న వంక సులువుగా దొరికింది. రంగు నప్పుతుందా అని స్నేహితురాలు చీర మడత తీసి ఆమె భుజం మీద వేసి చూసింది. ఆ చేయి భుజం మీద ఉన్న కాసేపటికి డైరీలో ముక్కాలు పేజీ పట్టింది. ఆ సంబంధానికి ఎందుకు ఒప్పుకుందో ఆ తర్వాత రాసింది: పెళ్లయితే ఇద్దరమూ ఒకే ఊళ్లో ఉంటాం కదా అనుకుందట. ఇంత రాశాక "నాకు ఆమె కావాలి" అని రాసి, కొట్టేసి, మళ్లీ అదే రాసింది. రెండోసారి కొట్టెయ్యలేదు.

మగవాడు మోసం చేస్తే ఆడపిల్ల మనసు విరిగి ఇట్లా తిరుగుతుందని చెప్పేవాళ్లు మన పాఠకుల్లోనూ ఉంటారు. వాళ్లు పేజీని వరుసగా చదవాలని నా మనవి. స్నేహితురాలు ముందు, పెళ్లికొడుకు తర్వాత. ఆగిపోయిన పెళ్లి ఆమెలో కొత్తగా ఏదీ పుట్టించలేదు. ఉన్నదేదో చూసుకోవడానికి కాస్త వ్యవధి ఇచ్చింది, అంతే. పెళ్లి జరిగి ఉంటే అదే ఊళ్లో కాపురం చేస్తూ, దాన్ని స్నేహం అనుకుంటూనే ముసలిదై ఉండేదేమో. అట్లా ముసలివాళ్లైనవాళ్లు ఎందరో మనకు లెక్క లేదు.

ఇట్లాంటి కథలు ఈ సీమకు పూర్తిగా కొత్తవి కావు. పక్కనే బళ్లారి జిల్లా సండూరువాడైన వసుధేంద్ర 2013లో కన్నడంలో 'మోహనస్వామి' కథలు తెచ్చాడు. వాటిని తెలుగు చేసిన రంగనాథ రామచంద్రరావుది ఆదోనే. అయితే అవి మగవాళ్ల కథలు. మోహనస్వామి ఊరు విడిచి వెళ్లగలిగాడు. ఈమెకు ముప్పై కిలోమీటర్ల దూరం బస్సెక్కడానికే ఇంట్లో కారణం చెప్పాలి.

చట్టం కొంత మారింది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇట్లాంటి ప్రేమ నేరం కాదంది. 2023 అక్టోబరు 17న పెళ్లి హక్కు మాత్రం ఇవ్వలేమంది. 2024 డిసెంబరులో మన హైకోర్టు, తండ్రి తీసుకుపోయిన ఒక యువతి విషయంలో ఆమె సహచరి వేసిన హెబియస్ కార్పస్ పిటిషన్ విని, మేజరైన మనిషి తనకు నచ్చినవారితో ఉండవచ్చని చెప్పింది. గది తలుపుకు తాళం వేసిన ఇంటికి ఆ తీర్పు పనికొస్తుంది. ఈ ఇంట్లో తాళం లేదు. రాత్రి అన్నం తినలేదని పొద్దున్నే బజారు నుంచి ఉగ్గాని బజ్జీ తెప్పించి ముందు పెట్టిన అమ్మ ఉంది. ఆ అమ్మ మీద ఏ కోర్టులో పిటిషన్ వేస్తారు?

తర్వాత ఏమైందో రాయించి వేద్దామని మా సహసంపాదకుడు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆమె దగ్గరే ఇంకా జవాబు లేదు. శ్రావణంలో ఇంకో సంబంధంవాళ్లు చూడడానికి వస్తున్నారట. డీఎస్సీ రాసేదాకా పెళ్లి వద్దని చెబుదామనుకుంటోంది. నోటిఫికేషన్ ఎంత ఆలస్యమైతే అంత మంచిదని కోరుకునే అభ్యర్థి ఈ రాష్ట్రంలో బహుశా ఆమె ఒక్కతే.