బస్సు పోయినాక పదకొండు సెకన్లు

పోయిన సంక్రాంతికి మైదుకూరులో ఉన్నప్పుడు మా అత్త కువైట్‌కు తిరుగు ప్రయాణమైంది. బస్టాండులో అదంతా ఫోన్‌లో తీశాను. బెంగళూరు వచ్చాక ఒక ఆదివారం కూర్చుని, డెబ్భై సెకన్ల వీడియో చేశాను. ముప్పై నాలుగు కట్లు, కింద ఒక విషాద గీతం, ప్రతి దరువుకీ ఒక కట్. నాకైతే భలే నచ్చింది. ఊర్లో జేజి చూసి ఒకటే మాట అనింది: "నేను యాడుండా రా? కనపడేలోపే పోతి కదా!"

ఆ మాట పట్టుకుని మళ్లీ మొదటి నుంచి ఎడిట్ చేశాను. మార్చింది మూడే మూడు.

మొదటిది బ్యాగు. మా తమ్ముడు బ్యాగు ఎత్తి బస్సులో పెట్టాడు. కండక్టర్ డిక్కీలో పెట్టమంటే దించి, మళ్లీ ఎత్తాడు. అలా ఒకే పని నాకు రెండుసార్లు దొరికింది. ఒకటి దూరం నుంచి, ఒకటి దగ్గర నుంచి. మొదటి వీడియోలో బ్యాగు పూర్తిగా భుజానికెక్కాక కట్ చేశాను. తర్వాతి షాట్‌లో అది మళ్లీ నడుము దగ్గర మొదలైంది. చూసేవాళ్లకు ఒకే బ్యాగును రెండుసార్లు ఎత్తినట్టు అనిపించింది. ఈసారి బ్యాగు నేల వదిలి మోకాలి దాకా వచ్చినప్పుడే కట్ చేసి, రెండో షాట్‌ను కూడా మోకాలి దగ్గరే, కదలికలోనే మొదలుపెట్టాను. కన్ను బ్యాగు వెంట పోతుంది కాబట్టి కట్ కనపడదు. కుదిరిందో లేదో తెలియాలంటే సౌండ్ తీసేసి చూడండి. అతుకు దగ్గర కన్ను తడబడితే రెండు మూడు ఫ్రేములు అటో ఇటో జరపండి. సెకనుకు ముప్పై ఫ్రేములుంటాయి, రెండు ఫ్రేములకే తేడా తెలిసిపోతుంది.

రెండోది జేజి. బస్సు కదిలాక ఆమె మీద పద్నాలుగు సెకన్ల షాట్ ఉంది. మొదట అందులో రెండు సెకన్లే వాడాను. బస్సు పోయిందని తెలియడానికి అది చాలు. కానీ అసలు సంగతి ఆ తర్వాతే ఉంది. నాలుగో సెకనులో చెయ్యి ఎత్తింది. ఆరో సెకనులో సగంలోనే దించేసింది. తర్వాత ఖాళీ రోడ్డు వైపే చూస్తూ నిలబడింది. పదకొండో సెకనులో కొంగు సర్దుకుని వెనక్కి తిరిగింది. ఆ తిరగడం మొదలైనప్పుడు కట్ చేశాను, అంటే ఇక్కడా కదలిక మీదే.

అలాగని ప్రతి షాట్‌నూ సాగదీస్తే పని జరగదు. వెళ్లిపోతున్న బస్సును కూడా ఆరు సెకన్లు ఉంచి చూశాను, విసుగొచ్చింది. దుమ్ము తప్ప అందులో మారేదేమీ లేదు. మూడు సెకన్లకు కోసేశాను. షాట్ లోపల ఏదో ఒకటి మారుతుండాలి, ముందు షాట్లు పొట్టిగా ఉండాలి. అప్పుడే పొడుగు షాట్ పొడుగని తెలుస్తుంది.

ఈ సెకన్ల లెక్క మన సీమవాళ్లకు కొత్త కాదు. తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి 'మాయాబజార్' (1957) తీసేటప్పుడు, షూటింగ్‌కు ముందే రిహార్సల్స్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ఏ సీను ఎంతసేపో తేల్చుకునేవారు. నేను తీసేశాక లెక్కేసుకున్నాను, అదీ తేడా!

మూడోది నిశ్శబ్దం. ముందు పాట తీసేసి జేజి షాట్‌ను మ్యూట్ చేశాను. చూపిస్తే రూమ్మేట్ వెంటనే వాల్యూమ్ బటన్ నొక్కాడు, ఫోన్ పాడైందనుకున్నాడు. సినిమాలో నిశ్శబ్దమంటే శబ్దమే లేకపోవడం కాదు. చిన్న శబ్దాలు వినపడేంత ఖాళీ ఉండటం. ఇంకో క్లిప్‌లో ఎవరూ మాట్లాడని ఇరవై సెకన్ల బస్టాండు సందడి దొరికింది. దూరంగా ఒక హారను, ఎవరో పళ్లమ్మే కేక. దాన్ని కింద పరిచి, బస్సు ఇంజను శబ్దాన్ని మెల్లగా తగ్గించాను. పాటను మాత్రం జేజి ముఖం దగ్గర ఆపలేదు. అక్కడ ఆపితే "ఇప్పుడు ఏడవండి" అని చెప్పినట్టుంటుంది. బస్సు కదలకముందే, అత్త మెట్టెక్కేటప్పుడే తగ్గించేశాను. జేజి దగ్గరికి వచ్చేసరికి పాట ఉండిందన్న సంగతే మర్చిపోతాం.

కొత్త వీడియోలో కట్లు పదిహేను. నిడివి మళ్లీ డెబ్భై సెకన్లే.

దాన్ని కువైట్‌కు పంపించాను. రాత్రి పని ముగించుకుని అత్త ఫోన్ చేసింది. కాసేపు ఏం మాట్లాడలేదు. నేనూ తొందరపెట్టలేదు.

"అమ్మ అంతసేపు ఆడే నిలబడిందా? నేను బస్సులో ఉంటి కదరా, నాకేం తెల్సు" అనింది.